క్షమాపణకు రాసే జవాబు

గవర్నర్‌పేట, విజయవాడ

అమ్మాయీ,

నీ స్నేహితురాలికి రాసిన జవాబు పంపేముందు నాకు చూపించి మంచిపని చేశావు. రెండు చిత్తుప్రతులూ చదివాను. ఏదీ పంపకు.

గుంటూరు సభలో నీ కథ గురించి మాట్లాడుతూ "ఇందులో తల్లి వీళ్ళమ్మే" అని ఆమె మైకులో చెప్పేసింది. ఆ మాట చుట్టాల నోట మీ అమ్మ చెవిన పడింది. అమ్మ ఇప్పటికీ నీ కథ ముట్టుకోవడం లేదు. అలాంటప్పుడు నీ మొదటి ప్రతిలో "అయ్యో, నేనెప్పుడో మర్చిపోయానే" అన్నది అబద్ధం. దాన్ని నమ్మి ఆమె వచ్చే సభకు రమ్మంటుంది, నువ్వు ఏదో సాకు చెబుతావు, ఎందుకో ఆమెకు అర్థం కాదు. రెండో ప్రతిలో కాలేజీనాటి గొడవలు కూడా తవ్వావు. ఆమె క్షమాపణ అడిగింది ఒక్కదానికే కదా.

ముందు ఆమె ఉత్తరం మళ్ళీ చదువు. "నిన్ను అడక్కుండా మీ అమ్మ సంగతి నలుగురిలో చెప్పాను, తప్పు నాది" అంది. చేసిన పని పేరు పెట్టి చెప్పింది, సాకులు వెతకలేదు. "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అని తప్పించుకుని ఉంటే నా సలహా వేరుగా ఉండేది. ఇలా రాయడానికి ఆమె ఎంత నలిగిందో! అందుకని ఆ అంగీకారానికి విడిగా ఒక పేరా ఇవ్వు. నీ బాధను ఆ పేరాలోకి రానివ్వకు. రెండింటినీ ఒకే వాక్యంలో కడితే చదివేవాళ్ళకు రెండోదే మిగులుతుంది.

నేనైతే ఇలా రాస్తాను:

"నీ ఉత్తరం అందింది. జరిగింది జరిగినట్టు ఒప్పుకున్నావు. నీ క్షమాపణ మనస్ఫూర్తిగా తీసుకున్నాను.

అమ్మ మొహం చూసినప్పుడల్లా నాకింకా కష్టంగానే ఉంది. నువ్వు మళ్ళీ క్షమాపణ అడగాలని ఈ మాట చెప్పడం లేదు, దాచితే నీతో మామూలుగా ఉండలేనని చెబుతున్నాను. కొన్నాళ్ళు నా కథలు నీకు ముందుగా చూపించలేను. ఫోన్ చేస్తే మాత్రం తప్పకుండా మాట్లాడతాను."

చూడు, రెండో పేరాలో ఆమె ఎలాంటి మనిషో అన్న తీర్పు లేదు. నీకేమవుతోందో, ఏది చేయగలవో, ఏది ఇప్పుడే చేయలేవో ఉన్నాయి. ఫోన్ మాట రాయకపోతే ఆమె తలుపు మూసేశావనుకుంటుంది. అయితే నిజంగా మాట్లాడగలిగితేనే రాయి. పంపాక ఈ ఉత్తరాల సంగతి మిగతా స్నేహితుల దగ్గర ఎత్తకు.

నీ రెండు ప్రతుల్లోనూ "అమ్మా నేనూ నిన్ను క్షమించాం" అని ఉంది. అమ్మ పేరు కొట్టెయ్యి. ఆవిడ తరఫున క్షమించే హక్కు నీకు లేదు. ఆమె ఉత్తరం అమ్మకు చూపించాలా అని అడిగావు. అలాంటి ఉత్తరం వచ్చిందని చెప్పు. చదువుతానంటే ఇవ్వు, వద్దంటే బలవంతం చేయకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు