పన్నెండు కోర్లున్నా శంషాబాద్‌లో విమానం ఎందుకు తడబడింది

ప్రశ్న: "ఫ్లైట్ సిమ్యులేటర్, సిటీస్ స్కైలైన్స్ లాంటి పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్స్‌కి ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ తీసుకోవాలా, సింగిల్ కోర్ స్పీడ్ ఎక్కువున్నది తీసుకోవాలా? నా బడ్జెట్‌లో రెండూ రావట్లేదు."

ఎనిమిది మంచి కోర్లు ఉన్నది చూసుకోండి. అక్కడి నుంచి మిగిలిన ప్రతి రూపాయీ ఒక్కో కోర్ వేగం మీద, ముఖ్యంగా ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, అదే క్యాష్, దాని మీద పెట్టండి. ఒక్క రకం గేమ్‌కి మాత్రం ఇది వర్తించదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా పిన్ని కొడుకు కంప్యూటర్. వాడు 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ తప్ప ఇంకేదీ ఆడడు. షాపులో "సిమ్యులేషన్ గేమ్ అంటే కోర్లు ఎక్కువుండాలి సార్" అని 12 కోర్ల రైజెన్ 9 3900ఎక్స్ అంటగట్టారు. పక్కన ఆర్‌టీఎక్స్ 3070 కార్డు. చిన్న సెస్నా వేసుకుని పొలాల మీద తిరిగినంతసేపూ అంతా బ్రహ్మాండం. అదే శంషాబాద్‌లో గేటు దగ్గర, ఫ్లైబైవైర్ వాళ్ల ఉచిత ఏ320లో కూర్చుని, చుట్టూ విమానాల ట్రాఫిక్ ఆన్ చేస్తే చాలు, తల తిప్పినప్పుడల్లా బొమ్మ ఆగి ఆగి కదిలేది. 29 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 29 ఫ్రేములే.

వాడు నాకు ఫోన్ చేసి, "అన్నా, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 22 శాతమే చూపిస్తోంది. అంటే సీపీయూ ఖాళీగానే ఉంది కదా, గ్రాఫిక్స్ కార్డే చాలట్లేదు. మారుస్తున్నా" అన్నాడు. ఆగమని చెప్పి, ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను.

ఆ 22 శాతం అనే అంకె ఎంతమంది చేత అనవసరంగా కార్డులు కొనిపించిందో! ఆ ప్రాసెసర్‌లో 12 కోర్లు, ఒక్కో కోర్ ఒకేసారి రెండు పనుల వరుసలు నడపగలదు కాబట్టి 24 థ్రెడ్లు. టాస్క్ మేనేజర్ మొత్తం 24నీ కలిపి నూరు శాతం అంటుంది. అంటే ఒక్క థ్రెడ్ ఊపిరాడకుండా పూర్తిగా పని చేస్తున్నా, అక్కడ కనిపించేది 4 శాతం చిల్లర మాత్రమే. పైగా విండోస్ ఆ థ్రెడ్‌ని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి తిప్పుతూ ఉంటుంది కాబట్టి, కోర్ల గ్రాఫులు విడివిడిగా తెరిచి చూసినా ఏదీ నూరు దగ్గర నిలబడినట్టు కనిపించకపోవచ్చు. మొత్తం వాడకం తక్కువ ఉంది కాబట్టి సీపీయూకి తీరిక ఉంది అనుకోవడం ఇక్కడ పూర్తిగా తప్పు దారి పట్టిస్తుంది.

ఈ గేమ్‌లో అదృష్టం ఏమిటంటే, అసలు సంగతి అదే చెప్తుంది. ఆప్షన్స్‌లో Developer Mode ఆన్ చేసి, పైన వచ్చే మెనూలో Display FPS పెడితే ఒక చిన్న పెట్టె వస్తుంది. మా వాడి స్క్రీన్ మీద అందులో ఎర్రగా Limited by MainThread అని ఉంది. మెయిన్ థ్రెడ్ అంటే గేమ్ అసలు లెక్కలన్నీ వరుసగా చేసే థ్రెడ్. ఒక్కో ఫ్రేముకి అది తీసుకుంటున్నది 34 మిల్లీసెకన్లు, జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, తీసుకుంటున్నది 15. వెయ్యిని 34తో భాగించండి, 29 వస్తుంది. వాడికి వస్తున్న ఎఫ్‌పీఎస్ సరిగ్గా అదే. కార్డు తన పని 15లో ముగించుకుని మిగతా 19 మిల్లీసెకన్లు ఊరికే కూర్చుంటోంది. వాడు కొనబోయిన కొత్త కార్డు ఇంకాస్త ఎక్కువసేపు ఊరికే కూర్చునేది.

వాడు నమ్మలేదు. సరే అని, కార్డు బొమ్మని ఎంత స్పష్టంగా గీయాలో చెప్పే రెండర్ స్కేలింగ్ 100 నుంచి 60కి దించాను. బొమ్మ మసకబారింది, ఎఫ్‌పీఎస్ మాత్రం 29 దగ్గర నుంచి కదల్లేదు. కార్డు మీద భారం తగ్గించినా వేగం పెరగలేదంటే అడ్డం పడుతున్నది కార్డు కాదు. ఏ గేమ్‌లోనైనా పనికొచ్చే పరీక్ష ఇది, దీనికి డెవలపర్ మోడ్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడిగిన కోర్ల సంగతి. వాడిది స్టీమ్ వెర్షన్. టాస్క్ మేనేజర్‌లో Details లోకి వెళ్లి FlightSimulator.exe మీద రైట్ క్లిక్ చేసి, Set affinity లో 24 పెట్టెల్లో 12 తీసేశాను. అంటే గేమ్‌కి ఇప్పుడు ఆరు కోర్లే. ఎఫ్‌పీఎస్ 29. డబ్బు పెట్టి కొన్న కోర్లలో సగం పీకేస్తే ఒక్క ఫ్రేము కూడా తగ్గలేదు! వాడి మొహం చూసి నాకే బాధేసింది. తర్వాత నాలుగు కోర్లకి దించాం. నిలబడి ఉన్నప్పుడు సగటు దాదాపు అంతే, కానీ టేకాఫ్ అయి ఊరి వైపు తిరగగానే ఠక్కు ఠక్కుమని ఆగడం మొదలైంది. నేల బొమ్మల్ని ఇంటర్నెట్ నుంచి దింపుకోవడం, విప్పడం, భవనాలని సిద్ధం చేయడం ఇవన్నీ పక్క థ్రెడ్లు చేసే పనులు. వాటికి చోటు చాలకపోతే అవి మెయిన్ థ్రెడ్ నడిచే కోర్ మీదే వచ్చి పడతాయి. అందుకే నాలుగు చాలవు, ఎనిమిది ఉంటే నిశ్చింత. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింట్లోనూ ఎనిమిదే కోర్లు, పెద్ద గేమ్స్ తయారుచేసేవాళ్లు ఆ లెక్కనే మనసులో పెట్టుకుంటారు.

మరి ఆ మెయిన్ థ్రెడ్ పనిని ముక్కలు చేసి అన్ని కోర్లకీ పంచొచ్చు కదా అంటారు. కొంత పంచారు, ఇంకా పంచుతున్నారు. 2024లో వచ్చిన కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఆ దిశగా చాలా పని జరిగింది. కానీ కొన్ని పనులు ఒకదాని వెనక ఒకటిగానే జరగాలి. మీరు స్టిక్ లాగారు, రెక్కల మీద బలాలు లెక్కించాలి, అవి తేలితేగానీ విమానం ఎటు తిరిగిందో తెలియదు, అది తెలిస్తేగానీ ఆటోపైలట్ ఏం చేయాలో నిర్ణయించదు, అది నిర్ణయించాకే కాక్‌పిట్‌లో సూదులు, స్క్రీన్లు మారాలి. పెళ్లిలో వడ్డించేవాళ్లు ఎంతమంది నిలబడి ఉన్నా, అన్నం ఉడికితేగానీ పంక్తి మొదలవ్వదు. ఏ320 లాంటి పెద్ద విమానంలో హైడ్రాలిక్స్, ఎలక్ట్రికల్, నావిగేషన్ కంప్యూటర్లు అన్నీ ఈ వరుసలోకే వచ్చి చేరతాయి. అందుకే అదే ఊరి మీద సెస్నా హాయిగా ఎగురుతుంది, ఏ320 ఈడుస్తుంది. బయట దృశ్యం మారలేదు, లోపల లెక్కలు మారాయి.

ఇక్కడే నాకు యూట్యూబ్ పోలిక వీడియోల మీద ఒళ్లు మండుతుంది. ఖాళీ ఆకాశంలో చిన్న విమానం ఎగరేసి, నాలుగు ప్రాసెసర్ల గ్రాఫులు పక్కపక్కన పెట్టి "పెద్ద తేడా లేదు ఫ్రెండ్స్" అంటారు. ఉండదు మరి, అక్కడ పరిమితి కార్డుది. సిమ్యులేషన్ గేమ్‌ని పరీక్షించాలంటే సిమ్యులేషన్ బరువుగా ఉన్న చోట పరీక్షించాలి: పెద్ద ఎయిర్‌పోర్టు, పెద్ద విమానం, ట్రాఫిక్ ఆన్.

ఆ రోజుకి పైసా ఖర్చు లేకుండా చేసింది ఒక్కటే. నేల ఎంత వివరంగా కనిపించాలో చెప్పే Terrain Level of Detail 200లో ఉంటే 100కి దించి, విమానాల ట్రాఫిక్ తగ్గించాం. మెయిన్ థ్రెడ్ 34 నుంచి 26కి వచ్చింది, అంటే 38 ఎఫ్‌పీఎస్. కార్డు ఖాళీగా ఉంది కాబట్టి మేఘాలు, నీడలు మాత్రం అల్ట్రాలోనే ఉంచాం. చాలామంది కంగారులో అన్నీ కలిపి దించేస్తారు. ఎవరి మీద భారం పడుతోందో చూసి దించాలి.

కొన్నాళ్లకి వాడు ఆ ప్రాసెసర్ అమ్మేసి, అదే బోర్డు మీద బయోస్ అప్‌డేట్ చేసుకుని రైజెన్ 7 5800ఎక్స్3డీ పెట్టాడు. ఎనిమిదే కోర్లు. సెట్టింగ్స్ మళ్లీ పాతవే పెట్టి, అదే గేటు దగ్గర అదే విమానంలో చూశాం: మెయిన్ థ్రెడ్ 22 మిల్లీసెకన్లు, 45 ఎఫ్‌పీఎస్. నాలుగు కోర్లు తగ్గాయి, వేగం ఒకటిన్నర రెట్లు అయింది.

ఇందులో గమనించాల్సింది ఇంకోటి ఉంది. సింగిల్ కోర్ స్పీడ్ అనగానే అందరూ గిగాహెర్ట్జ్ చూస్తారు. 5800ఎక్స్3డీ గరిష్ఠ బూస్ట్ 4.5, వాడి పాత 3900ఎక్స్‌ది 4.6. కాగితం మీద పాతదే ఎక్కువ! కొంత తేడా కొత్త తరం కోర్ డిజైన్‌ది. మిగతాదంతా 96 ఎంబీ ఎల్3 క్యాష్‌ది. సిమ్యులేషన్‌లో ప్రతి ఫ్రేములోనూ వేల చిన్న చిన్న వస్తువుల సమాచారం మెమరీలో ఎక్కడెక్కడి నుంచో తేవాలి. అది క్యాష్‌లో లేకపోతే ర్యామ్ దాకా వెళ్లాలి, ఆ ప్రయాణం అయ్యేలోపు కోర్ వందల సైకిళ్లు ఎదురుచూస్తూ గడిపేస్తుంది. ఎదురుచూపు 4.5 గిగాహెర్ట్జ్‌లో అయినా 4.6లో అయినా ఎదురుచూపే. ఫ్యాక్టోరియో గేమ్‌లో పెద్ద ఫ్యాక్టరీ కట్టినవాళ్లు ఈ క్యాష్ చిప్‌లని ఎందుకు వెతుక్కుని కొంటారో ఇదే కారణం.

అందుకే "గేమింగ్ కాంబో" పేరుతో రంగు లైట్ల క్యాబినెట్, ఎనిమిది ఫ్యాన్లు ఇచ్చి, లోపల ఒకే ఒక్క 16 జీబీ ర్యామ్ స్టిక్ పెట్టే షాపులంటే నాకు పడదు. రెండు ఎనిమిది జీబీ స్టిక్‌లు పెడితే డ్యూయల్ చానెల్ వచ్చేది, అంటే ర్యామ్ నుంచి సమాచారం రెండు దారుల్లో ఒకేసారి వచ్చేది. మెయిన్ థ్రెడ్ ర్యామ్ కోసం ఎదురుచూసే గేమ్స్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది. అలాగే ఇంటెల్ డబ్బాల మీద కోర్ల సంఖ్య చూసి మురిసిపోకండి. ఐ5-13600కేలో 14 కోర్లు అంటే ఆరు పెద్దవి, ఎనిమిది చిన్నవి. మంచి చిప్పే, కాకపోతే మీ మెయిన్ థ్రెడ్ నడిచేది ఆ పెద్దవాటిలో ఒకదాని మీద.

చివర్లో చెప్తానన్న మినహాయింపు సిటీస్ స్కైలైన్స్ రెండో భాగం, 2023లో వచ్చింది. దాన్ని మొదటి నుంచే పనిని ముక్కలు చేసి చాలా కోర్లకి పంచేలా రాశారు. ఊళ్లో లక్షమంది జనం ఉంటే ఒకడు ఆఫీసుకి ఏ దారిన వెళ్లాలో లెక్కపెట్టడానికి ఇంకొకడి లెక్క తేలే దాకా ఆగక్కర్లేదు, కాబట్టి ఆ పని నిజంగానే పంచుకోవచ్చు. అక్కడ లక్షణం కూడా వేరు. బొమ్మ సాఫీగానే కదులుతుంది, కానీ మూడో స్పీడ్ నొక్కినా ఊళ్లో కాలం నెమ్మదిగా నడుస్తుంది. 2015 నాటి మొదటి భాగంలో ఈ పంపకం చాలా తక్కువ, అందుకే దానికి పాత సూత్రమే. మీరు ప్రధానంగా ఆడేది రెండో భాగమే అయి, లక్షల జనాభా దాకా కట్టే ఓపిక ఉంటే 12 లేదా 16 కోర్లది తీసుకోండి, డబ్బు వృథా కాదు. ఎక్కువ సమయం విమానంలోనే గడిపేటట్టయితే ఎనిమిది కోర్ల ఎక్స్3డీ చిప్, రెండు స్టిక్‌ల ర్యామ్ తీసుకోండి. మీ బడ్జెట్, ఇప్పుడున్న బోర్డు మోడల్ కింద రాస్తే ఏ చిప్ దాని మీద కూర్చుంటుందో చూసి చెప్తాను.