ఇన్వర్టర్ వేరు, డైరెక్ట్ డ్రైవ్ వేరు: వాషర్ కొనే ముందు ఒక మాట

కొత్తగా వచ్చి అపార్ట్‌మెంట్ తీసుకున్న వాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే. "అన్నా, పాత వాషర్ ఒకటి 250 డాలర్లకి ఇస్తామంటున్నారు, కానీ అది బెల్ట్‌దట. ఇన్వర్టర్ డైరెక్ట్ డ్రైవ్ అయితేనే మంచిదని మా బావ అంటున్నాడు, ఏం చేయమంటావ్?" డాలస్ పక్కన పదమూడేళ్ళుగా ఉంటున్నా, ఇప్పటికి మూడు వాషర్లు వాడాను, అందులో రెండింటిని నేనే విప్పాను. మీ బావ ఒకే మాటగా కలిపేసిన రెండు సంగతుల్ని ముందు విడదీయాలి.

ఇన్వర్టర్ అంటే మోటార్‌కి కరెంట్ ఎలా అందుతుందనే సంగతి. గోడలోంచి వచ్చే కరెంట్‌ని ఒక బోర్డు ముందు డీసీగా మార్చి, తర్వాత మోటార్‌కి ఎంత వేగం కావాలో దానికి తగ్గట్టు మళ్ళీ మార్చి పంపిస్తుంది. ఈ రకం మోటార్లలో కార్బన్ బ్రష్‌లు ఉండవు, కాబట్టి అరిగేదీ ఉండదు. డైరెక్ట్ డ్రైవ్ అంటే మోటార్ తిరుగుడు డ్రమ్ముకి ఎలా చేరుతుందనే సంగతి. డ్రమ్ము వెనకాల, దాని ఇరుసుకే, అయస్కాంతాలు అతికించిన పెద్ద పళ్ళెం లాంటి రోటర్‌ని బిగిస్తారు. బెల్ట్ దాంట్లో మోటార్ కింద ఎక్కడో ఉంటుంది, డ్రమ్ము వెనకాల పెద్ద పుల్లీ ఉంటుంది, రెండింటికీ మధ్య గీతల రబ్బరు బెల్ట్ తిరుగుతుంది.

అందుకే బెల్ట్ ఉన్న ఇన్వర్టర్ వాషర్లు కూడా బోలెడు ఉన్నాయి. బాష్ ఇకోసైలెన్స్ మోటార్, శాంసంగ్ వాళ్ళ కొన్ని ఫ్రంట్ లోడ్ డిజిటల్ ఇన్వర్టర్లు ఆ కోవలోవే. దీనికి తిరగేసిన కేసు కూడా అమెరికా సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో దొరుకుతుంది. పాతకాలం వర్ల్‌పూల్ టాప్ లోడర్లని (వాటినే కెన్‌మోర్ పేరుతో కూడా అమ్మేవాళ్ళు) అమ్మేవాళ్ళు "డైరెక్ట్ డ్రైవ్" అని రాస్తారు, అది అబద్ధం కాదు, బెల్ట్ లేదు, కానీ ఇన్వర్టరూ లేదు. మోటార్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య చిన్న ప్లాస్టిక్, రబ్బరు కప్లర్ ఉంటుంది, ఎక్కువ బట్టలు కుక్కితే ముందు అదే విరిగి మోటార్‌ని కాపాడుతుంది. మొరటు మెషిన్, మోత ఎక్కువ, కానీ కప్లర్ చవక. ఆ పేరు చూసి ఇన్వర్టర్ ధర పెట్టకండి, అంతే.

ఇక మోత సంగతి. బ్రష్‌లున్న బెల్ట్ మోటార్ పిండేటప్పుడు ఎందుకు అంత అరుస్తుందంటే, దాని పుల్లీ చిన్నది, డ్రమ్ము పుల్లీ పెద్దది, కాబట్టి డ్రమ్ము ఒక్క చుట్టు తిరగాలంటే మోటార్ పది, పన్నెండు చుట్లు తిరగాలి. డ్రమ్ము నిమిషానికి 1200 చుట్ల వేగంతో పిండుతుంటే మోటార్ 12,000 దాటి తిరుగుతుందన్నమాట. డైరెక్ట్ డ్రైవ్‌లో డ్రమ్ము ఎంతో మోటారూ అంతే, సన్నని గుయ్‌మనే మోత తప్ప ఇంకేం వినపడదు. ఇన్వర్టర్ బెల్ట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, నిజం చెప్పాలంటే పక్క గదిలో కూర్చుంటే తేడా పట్టుకోవడం కష్టం. అయితే కింది ఇంటి వాళ్ళు ఫిర్యాదు చేసేది మోటార్ మోత గురించి కాదు, అదురు గురించి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో నేల చెక్కది, తడి దుప్పటి ఒక పక్కకి చేరిందంటే ఏ మోటార్ అయినా ఇల్లంతా అదిరిపోతుంది. నాలుగు కాళ్ళూ నేలకి సమంగా ఆనుతున్నాయో లేదో చూసుకోండి, కొత్త ఫ్రంట్ లోడ్ అయితే వెనకాల రవాణా కోసం బిగించిన పొడుగు బోల్టులు తీశారో లేదో కూడా చూడండి. అవి తీయకుండానే మొదటిసారి తిప్పి, మెషిన్ నడుచుకుంటూ తలుపు దాకా వచ్చిందని నాకు ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు.

మన్నిక, రిపేర్ ఖర్చు నా అనుభవంలోంచే చెప్తా. నా మొదటి వాషర్ బెల్ట్‌ది. ఒకరోజు రబ్బరు కాలిన వాసన వచ్చింది, మోటార్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, డ్రమ్ము మాత్రం కదలట్లేదు. ప్లగ్ తీసి వెనక రేకు విప్పితే బెల్ట్ జారి కింద పడి ఉంది, అంచులు పీచు పీచుగా లేచిపోయాయి. బెల్ట్ మీద ఉన్న నంబర్ చూసి 18 డాలర్లకి కొత్తది తెప్పించాను. ముందు మోటార్ పుల్లీకి తగిలించి, పెద్ద పుల్లీకి ఒక చోట జిప్ టైతో కట్టి, చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే బెల్ట్ అదే ఎక్కి కూర్చుంది. తర్వాత జిప్ టై కోసేయడమే.

రెండోది డైరెక్ట్ డ్రైవ్, ఆఫీస్‌లో ఒకాయన ఇల్లు మారుతూ అమ్మేశాడు. రెండేళ్ళు చక్కగా పనిచేసి, ఒక రాత్రి డ్రమ్ము అటోసారి ఇటోసారి వణికి ఆగిపోయి మోటార్ ఎర్రర్ చూపించింది. వచ్చిన మెకానిక్ చూడ్డానికే 95 డాలర్లు తీసుకుని, మోటార్, బోర్డు రెండూ మార్చాలి, 480 అవుతుందన్నాడు. టెన్షన్ పడి, పోయేదేముందని నేనే విప్పా. వెనకాల రోటర్ మధ్యలో ఒకటే పెద్ద బోల్టు, అది తీసి రోటర్ లాగితే (అయస్కాంతాలు గట్టివి, వేళ్ళు జాగ్రత్త) లోపల స్టేటర్, అంటే మోటార్‌లో తిరగకుండా ఉండే తీగచుట్ల భాగం మీద చిన్న హాల్ సెన్సర్ ఉంటుంది. రోటర్ ఏ స్థానంలో ఉందో బోర్డుకి చెప్పేది అదే. అది పోతే మోటార్‌ని ఎటు తిప్పాలో బోర్డుకి తెలియదు, అందుకే ఆ వణుకు. 25 డాలర్ల సెన్సర్ మారిస్తే మళ్ళీ తిరిగింది. ఎల్‌జీ మెషిన్లలో అయితే మోటార్ తిరగకపోతే తెర మీద `LE` అని వస్తుంది. బట్టలు ఎక్కువైనా, కనెక్టర్ వదులైనా కూడా అదే వస్తుంది కాబట్టి ముందు సగం బట్టలు తీసి, ప్లగ్ పీకి కాసేపాగి చూడండి.

నిజంగానే మోటార్ లేదా బోర్డు పోతే మాత్రం ఇన్వర్టర్‌కి ఖర్చు ఎక్కువ, అది బెల్ట్‌దైనా డైరెక్ట్‌దైనా. ఒక్క బోర్డుకే 150 నుంచి 300 డాలర్ల దాకా అవుతుంది. మోటార్ మీద 10 ఏళ్ళ వారంటీ అని స్టిక్కర్ ఉంటుంది కదా, కాగితం తీసి చదవండి. మామూలుగా అది మోటార్ పార్టులకే, మొదటి ఏడాది దాటాక కూలీ మనదే, బోర్డు అందులో రాదు, పైగా మొదట కొన్నవాళ్ళకే వర్తిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఆ స్టిక్కర్‌కి విలువ లేదు.

అసలు ఈ మెషిన్లని చంపేది మోటార్ కాదు, డ్రమ్ము వెనక ఉండే బేరింగులు. వాటికి ముందున్న రబ్బరు సీల్ అరిగితే సబ్బు నీళ్ళు బేరింగుల్లోకి వెళ్ళి తుప్పు పట్టిస్తాయి. ఇది రెండు రకాలకీ ఉన్న రోగమే, కానీ డైరెక్ట్ డ్రైవ్‌లో మోటార్ సరిగ్గా ఆ వెనకాలే ఉంటుంది, కారిన తుప్పు నీళ్ళు స్టేటర్ మీదే పడతాయి. బేరింగ్ మార్చాలంటే టబ్ మొత్తం బయటికి తీయాలి, కొన్నింట్లో టబ్ అతికించేసి ఉంటుంది, కూలీతో కలిపి కొత్త మెషిన్ ధరకి దగ్గరవుతుంది.

కాబట్టి రెండు మూడేళ్ళ కోసం పాతది కొంటుంటే నేనైతే బెల్ట్‌దే తీసుకుంటా. సొంతింటికి కొత్తది కొంటుంటే, పడకగది పక్కనే లాండ్రీ ఉంటే డైరెక్ట్ డ్రైవ్‌కి ఇంకో వంద పెట్టొచ్చు. పాతది చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్లగ్ తీయించి ఖాళీ డ్రమ్ముని చేత్తో తిప్పండి. డైరెక్ట్ డ్రైవ్‌లో టక్ టక్ అని పట్టి వదిలినట్టు ఉంటే కంగారు పడకండి, అది అయస్కాంతాల లాగుడు. గరగరమని, దూరంగా విమానం పోతున్నట్టు మోత వస్తే మాత్రం బేరింగ్ పోయినట్టే. తర్వాత డ్రమ్ము అంచు పట్టుకుని పైకెత్తండి. బయటి టబ్‌తో కలిసి లేస్తే మంచిదే, స్ప్రింగులు అంతే. డ్రమ్ము ఒక్కటే లొడలొడలాడితే 50 డాలర్లకి ఇచ్చినా వదిలేయండి, మెట్లెక్కించిన కూలీ కూడా దండగే.