సెలవుల సొమ్ముపై పన్ను ఎంత?

తణుకు దగ్గర ప్రైవేటు చక్కెర మిల్లులో 30 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మిగిలిన 360 రోజుల సెలవులకు 7,20,000 వచ్చింది. 25 లక్షల లోపే కదా, పన్ను ఉండదా?

కొంత ఉంటుంది. 25 లక్షలు గరిష్ఠ పరిమితి మాత్రమే. అందిన సొమ్ము, పది నెలల సగటు జీతం, ఏడాదికి 30 రోజులకు మించకుండా లెక్కించిన మిగులు సెలవుల విలువ, ఈ పరిమితి, వీటిలో ఏది తక్కువైతే అంతవరకే మినహాయింపు దక్కుతుంది.

జీతమంటే ఇక్కడ మూలవేతనం, డీఏ. చివరి అయిదు నెలలు 60,000, అంతకుముందు అయిదు నెలలు 56,000 అనుకుంటే సగటు 58,000 అవుతుంది కాబట్టి మినహాయింపు 5,80,000 మాత్రమే, మిగతా 1,40,000 పన్ను ఆదాయంలో కలుస్తుంది. చాలామంది చివరి జీతాన్నే పదితో గుణించి ఇక్కడే పొరబడతారు.

ఇక గ్రాట్యుటీ విషయానికొస్తే, ఆ చట్టం వర్తించే సంస్థయితే చివరి జీతం 60,000ను 26తో భాగించి, 15తోనూ మీరు చేసిన 30 ఏళ్లతోనూ గుణించగా వచ్చే సుమారు 10,38,000 మొత్తం, 20 లక్షల లోపే గనుక, పన్ను లేనిదే.