క్రమశిక్షణ నిర్ధారణను దరఖాస్తులో ఏ మాటల్లో రాయాలి?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడాదిలో ఇచ్చిన ఒక రిపోర్టులో కాపీ చేశాడని యూనివర్సిటీ కమిటీ తేల్చింది. ఇప్పుడు పీజీకి దరఖాస్తు చేస్తున్నాడు. ‘మీపై ఎప్పుడైనా విద్యాపరమైన దుష్ప్రవర్తన నిర్ధారణ అయిందా? వివరించండి’ అని ఫారంలో అడిగారు. యూనివర్సిటీ ఇచ్చిన సారాంశం చాలా కఠినంగా ఉంది. దాన్నే జత చేయాలా, మా మాటల్లో రాయాలా? ఏది మేలో పోల్చి చెప్పండి. నిర్ణయ లేఖను, నేను రాసిన చిత్తుప్రతిని పంపుతున్నాను.

జవాబు: అయ్యా, మీరు పంపిన రెండు కాగితాలనూ రెండేసిసార్లు చదివాను. ఈ ఒక్క పేరా మీ అబ్బాయి చదువుకు అడ్డుగోడ అవుతుందేమోనన్న భయం మీ చిత్తుప్రతిలోని ప్రతి వాక్యంలో కనిపిస్తోంది కాబట్టి ముందు దాని గురించే చెబుతాను. ఒకే ఒక్క నిర్ధారణ, ఒక అసైన్‌మెంటుకు సున్నా మార్కులు, ఒక రాతపూర్వక హెచ్చరిక ఉన్న విద్యార్థుల దరఖాస్తులు ప్రవేశాల విభాగాలకు కొత్తేమీ కాదు. వారు ముఖ్యంగా చూసేది విద్యార్థి చెప్పినది, యూనివర్సిటీ రికార్డులో ఉన్నది ఒకటేనా అని. అడిగిన విషయాన్ని దాచినట్లు తరువాత తెలిస్తే ఇచ్చిన సీటును కూడా వెనక్కు తీసుకోవచ్చునని చాలా విశ్వవిద్యాలయాల ప్రవేశ నిబంధనల్లో ఉంటుంది. అందువల్ల మీ అబ్బాయికి అసలు ప్రమాదం రికార్డుకు, మీ వాక్యాలకు మధ్య తేడా రావడంలోనే ఉంది.

ఇప్పుడు ఆ సారాంశాన్నే చూద్దాం. అందులోని పేరా ఇది: “విద్యార్థి తన నివేదికలో పెద్ద ఎత్తున నకలుకు పాల్పడ్డాడు. సారూప్యత 31 శాతంగా తేలింది. నివేదికను ఇతరులచేత రాయించుకున్నాడన్న ఆరోపణ కూడా పరిశీలనకు వచ్చింది. విద్యార్థి విషయాన్ని తేలికగా తీసుకున్నాడని కమిటీ అభిప్రాయపడింది. నియమావళి 4.2 ఉల్లంఘన నిర్ధారణ అయినందున అసైన్‌మెంటుకు సున్నా మార్కులు, రాతపూర్వక హెచ్చరిక, విద్యా నైతికత శిక్షణ విధించడమైనది.”

ఈ అయిదు వాక్యాల్లో నిర్ధారణ ఉన్నది చివరి వాక్యంలో మాత్రమే. మొదటి వాక్యం తీవ్రతను చెబుతుందే గాని జరిగిన పని ఏమిటో చెప్పదు. రెండోది సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె, మూడోది ఆరోపణ, నాలుగోది అభిప్రాయం. ఇలాంటి సారాంశాలను సాధారణంగా కార్యాలయ సిబ్బంది దస్త్రాన్ని క్లుప్తం చేస్తూ రాస్తారు. ఆ క్లుప్తీకరణలో అభియోగం, నిర్ధారణ ఒకే స్వరంలో కలిసిపోతాయి. విడదీయాలంటే సారాంశాన్ని పక్కన పెట్టి పూర్తి నిర్ణయ లేఖను తెరవాలి. మీరు పంపిన లేఖ రెండో పేజీలో స్పష్టంగా ఉంది: ఇతరులచేత రాయించుకున్నాడన్న ఆరోపణకు ఆధారం లభించలేదు, అది రుజువు కాలేదు. సాహిత్య సమీక్ష భాగంలోని నాలుగు పేరాలు మాత్రం ప్రచురితమైన రెండు వ్యాసాల నుంచి, ఉటంకింపు గుర్తులు గాని మూలం గాని లేకుండా వచ్చాయి. ఈ పేజీని మీరు చదివే ఉంటారు, అయినా మీ చిత్తుప్రతిలో సగం భాగాన్ని రుజువు కాని ఆరోపణను ఖండించడానికే వాడారు. ఆ ఫారం నిర్ధారణల గురించి అడిగింది, ఆరోపణల గురించి అడగలేదు. రుజువు కానిదాన్ని మీరే ముందుకు తెచ్చి కాదు కాదు అని వాదిస్తే చదివేవారికి అదే గుర్తుండిపోతుంది. ఒకవేళ మరో ఫారంలో ‘మీపై ఆరోపణ వచ్చిందా’ అని ఉంటే, అప్పుడు దానిని కూడా చెప్పి, రుజువు కాలేదని ఒక్క వాక్యంలో ముగించాలి. ప్రశ్నలోని క్రియాపదాన్ని వేలు పెట్టి చదవమని విద్యార్థులకు చెప్పేది ఇందుకే.

31 శాతం అంకె గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసి తల్లిదండ్రులు అన్నిటికంటే ఎక్కువగా బెదిరిపోతారు. టర్నిటిన్ వంటి సాఫ్ట్‌వేర్ ఇచ్చే సారూప్యత శాతం, ఆ రచనలో ఇతర పాఠాలతో కలిసిన భాగమెంతో చెబుతుంది తప్ప అందులో ఎంత దోషమో చెప్పదు. సెట్టింగుల్లో మినహాయించకపోతే రిఫరెన్సుల జాబితా, ఉటంకింపు గుర్తుల మధ్య ఉన్న వాక్యాలు, చివరకు అసైన్‌మెంటు ప్రశ్నను తిరిగి రాసిన వాక్యాలు కూడా ఆ లెక్కలో చేరుతాయి. మీ అబ్బాయి విషయంలో కమిటీ లెక్కలోకి తీసుకున్నది నాలుగు పేరాలను. కాబట్టి వాస్తవంగా రాయవలసిన పరిమాణం నాలుగు పేరాలే. “31 శాతం అంటే చాలా తక్కువే కదా” అని మీరు రాసిన వాక్యాన్ని కూడా తీసేయండి. అంకెను పెంచడం ఎంత తప్పో తగ్గించి చూపడం కూడా అంతే తప్పు.

ఇక మీ చిత్తుప్రతి. ఈ మాట కటువుగా అనిపించినా చెప్పక తప్పదు: అది మీ అబ్బాయి రాసినది కాదు, మీరు రాసినది, చదివిన ప్రతివారికీ ఆ సంగతి తెలిసిపోతుంది. “ఒక చిన్న పొరపాటు జరిగింది” అని మొదలుపెట్టారు. ఈ వాక్యంలో పని చేసినవాడు కనిపించడు, పొరపాటు దానంతట అదే జరిగిపోతుంది. ఎవరు, ఏం చేశారు అన్నది కమిటీ లేఖలో ఉండి మీ వాక్యంలో లేకపోతే, దాచారనే అర్థం వస్తుంది. తరువాత “అనుకోకుండా” అన్నారు. లేఖ మొత్తంలో ఉద్దేశం గురించి కమిటీ ఏ నిర్ధారణా చేయలేదు. కాబట్టి ఉద్దేశపూర్వకంగా అని రాయకూడదు, అనుకోకుండా అని కూడా రాయకూడదు, ఆ విశేషణం లేకుండా పనిని మాత్రమే చెప్పాలి. ఆపైన అధ్యాపకుడు కక్ష కట్టాడని, తోటి విద్యార్థి ఫిర్యాదు చేశాడని రాశారు. ఇవి మీకు బాధ కలిగించిన విషయాలు కావచ్చు, కాని ఇతరుల ప్రస్తావనకు ఈ పేరాలో చోటు లేదు. ఇవన్నీ కమిటీ ముందు, అప్పీలు గడువు లోపల చెప్పవలసినవి. మీ అబ్బాయి అప్పీలు చేయలేదు, ఆ గడువు ముగిసింది. దరఖాస్తు ఫారం అప్పీలుకు ప్రత్యామ్నాయం కాదు. అప్పీలు ఇంకా నడుస్తూ ఉన్నట్లయితే, ఆ సంగతిని తేదీతో సహా ఒక్క వాక్యంలో చెప్పవలసి ఉండేది.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది ఇంకొకటి ఉంది. మీ స్నేహితుడు సూచించాడన్న కన్సల్టెంటు, డబ్బు తీసుకొని ఈ వివరణను “మారిన మనిషి కథ”గా తీర్చిదిద్దుతానన్నాడు. ఈ పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలో ఉంది, అలాంటివి నేను చాలా చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ క్షణమే జీవితం మలుపు తిరిగింది అంటూ మొదలై, నాలుగో పేరా దాకా వెళ్లినా ఏ నియమం ఉల్లంఘించారో తెలియదు. ఒక విద్యార్థిని అలాంటి వివరణలో తనకు విధించిన శిక్షణను “స్వచ్ఛందంగా చేరాను” అని రాయించుకొంది. కమిటీ లేఖలో అది విధిగా ఉంది. ప్రవేశాల విభాగం లేఖను తెప్పించుకొని చూసినప్పుడు, అసలు ఉల్లంఘన కంటే ఆ ఒక్క మాటకే ఆమె ఎక్కువ సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. పైగా, సొంతంగా రాయలేదన్న ఆరోపణ నుంచి బయటపడిన కుర్రవాడి వివరణను వేరొకరిచేత రాయించడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి. ఫారంలో ‘దీని నుంచి ఏం నేర్చుకున్నారు’ అన్న ప్రశ్న విడిగా ఉంటే, ఆ సంగతి అక్కడ రాయవచ్చు. వాస్తవాల పేరాలో దాన్ని కలపకూడదు.

మీ అబ్బాయి కూర్చొని తన చేత్తో రాయవలసిన పేరా దాదాపు ఇలా ఉండాలి. నివేదిక, నిర్ధారణ తేదీలు లేఖ నుంచే తీసుకున్నాను, శిక్షణ పూర్తయిన నెలను మీ అబ్బాయి సరిచూసుకోవాలి:

“2023 నవంబరులో పరిశోధన పద్ధతుల కోర్సుకు నేను సమర్పించిన నివేదికలో, సాహిత్య సమీక్ష భాగంలోని నాలుగు పేరాలను ప్రచురితమైన రెండు వ్యాసాల నుంచి మూలం పేర్కొనకుండా, ఉటంకింపు గుర్తులు లేకుండా చేర్చాను. ఇది ఇతరుల రచనను మూలం తెలపకుండా వాడటాన్ని నిషేధించే నియమావళి 4.2 ఉల్లంఘన అని విశ్వవిద్యాలయ కమిటీ 2024 జనవరిలో నిర్ధారించింది. ఆ అసైన్‌మెంటుకు సున్నా మార్కులు ఇచ్చి, రాతపూర్వక హెచ్చరిక జారీ చేసి, విద్యా నైతికత శిక్షణ పూర్తి చేయాలని ఆదేశించింది. ఆ శిక్షణను 2024 ఫిబ్రవరిలో పూర్తి చేశాను. ఆ కోర్సులో ఉత్తీర్ణుడనయ్యాను. నాపై ఇతర నిర్ధారణలు ఏవీ లేవు.”

ఇందులో “చేర్చాను” అన్న మాటను గమనించండి. “కాపీ కొట్టాను” అనలేదు, “చేరిపోయాయి” అనీ అనలేదు. మొదటిది తిట్టు, రెండోది తప్పించుకోవడం. నియమాన్ని సంఖ్యతో ఆపేయకుండా అది ఏమి నిషేధిస్తుందో పది మాటల లోపే చెప్పాం, ఎందుకంటే వేరే విశ్వవిద్యాలయంలో 4.2 అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ వర్ణనను నియమావళి పాఠం నుంచే తీసుకోవాలి, సొంతంగా మెత్తబరచకూడదు. ‘విద్యార్థి తేలికగా తీసుకున్నాడు’ అన్న అభిప్రాయాన్ని వదిలివేయడం మాత్రం దాచడం కాదు. అది నిర్ధారణలోగాని చర్యలోగాని భాగం కాదు, చర్యను పెంచడానికి కారణంగా లేఖలో ఎక్కడా చూపలేదు. చూపి ఉంటే, దాన్ని చెప్పవలసి వచ్చేది.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఫారంలో వివరణకు గడి మాత్రమే ఉంటే ఈ పేరా చాలు. పత్రాలు జత చేయమని అడిగితే పేరాతో పాటు పూర్తి నిర్ణయ లేఖను పెట్టండి, సారాంశాన్ని ఒంటరిగా పెట్టవద్దు. ఒంటరిగా వెళ్తే రుజువు కాని ఆరోపణ కూడా రుజువైనట్టే చదవబడుతుంది. మీకు నిద్ర లేకుండా చేస్తున్న “పెద్ద ఎత్తున” అన్న మాటకు రెండో పేజీలోని “నాలుగు పేరాలు” అన్న మాటే సరైన జవాబు.

పంపే ముందు ఒక్క పని మిగిలి ఉంది, అది కూడా మీ అబ్బాయే చేయాలి. ఈ పేరాను పాత విశ్వవిద్యాలయంలో ఆ రికార్డును చూసే కార్యాలయానికి పంపి, తేదీలు, నియమం సంఖ్య, విధించిన చర్య వారి దస్త్రంతో సరిపోతున్నాయా అని ఈమెయిలులో అడగాలి. పేరా బాగుందా అని అడగవద్దు, సరిపోతుందా అని మాత్రమే అడగాలి. సిఫారసు లేఖ రాస్తున్న అధ్యాపకుడికి కూడా ఇదే పేరా చూపించాలి, ఎందుకంటే ఆయన లేఖలో ఈ విషయం వేరే మాటల్లో వస్తే ఇంత జాగ్రత్తగా రాసినదీ అనుమానానికి గురవుతుంది. కార్యాలయం జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, కనుక ఆ ఈమెయిలు ఈ రోజే వెళ్లాలి.