మిత్రులను సిఫారసు చేయాలా, మిత్రులకు సిఫారసు చేయాలా?

*మిర్యాలగూడలో ఇంటికి వెళ్లి ట్యూషన్ చెప్పే సర్వీస్ నడుపుతున్నాం. నెల ఫీజు 3,000, అందులో 2,400 సార్‌కే పోతుంది. ‘మీ మిత్రులను సిఫారసు చేయండి, రూ. 500 పొందండి’ అని తల్లిదండ్రులకు వాట్సాప్ చేస్తే నంబర్లు వచ్చాయి గాని పిల్లలు చేరలేదు. సిఫారసు అన్న మాట తప్పా? సిఫార్సు అని రాయాలా? – ఒక పాఠకుడు*

మాట తప్పు కాదు, విభక్తి తప్పు. ఎవరినైనా సిఫారసు చేశామంటే వారికి పనో మేలో కావాలని అర్థం. మీ వాక్యంలో ఆ మిత్రుడు మీ దగ్గర ఉద్యోగానికి వచ్చినట్టుంది. మిత్రులను కాదు, మిత్రులకు. సిఫారసు చేయవలసింది మీ సార్‌ను. ఇంగ్లిష్ ప్రకటనను మక్కీకి మక్కీ దించితే ‘ను’, ‘కు’ ఇలాగే తారుమారవుతాయి.

ఈ మాట నాకు ఇష్టం. పారసీలో ‘సిపుర్దన్’ అంటే అప్పగించడం. దాని నుంచే సిఫారిష్ పుట్టి, ఉర్దూ మీదుగా మనకు చేరింది. ఒకరి చేతికి అప్పగించడాన్ని చెప్పే ఉర్దూ ‘సుపుర్ద్’ దీనికి తోబుట్టువే. అంటే సిఫారసు చేసిన తల్లి తన మాటను, తన పరువును పక్కింటావిడకు అప్పగిస్తున్నది. అయితే కచేరీల చుట్టూ తిరిగీ తిరిగీ మా నల్లగొండ వైపు ఈ మాటకు పైరవీ వాసన అంటింది. దాని పక్కన 500 పెడితే ఆ వాసన ఇంకా ఎక్కువవుతుంది.

ఇంకో చిక్కు. ఆ మెసేజ్‌ను తల్లి ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేస్తుంది. అందులోని ‘మీరు’ ఆమె. చదివేది పక్కింటావిడ. ‘ఓహో, నేను చేరితే ఈమెకు 500 అన్నమాట’ అనుకుంటుంది. కాబట్టి తల్లికి మీ మాటగా ఒకటి, ఆమె పంపేందుకు ఆమె మాటగా ఇంకొకటి రాయండి:

‘మా బాబు ఎనిమిదో తరగతి. మూడు నెలల నుంచి లెక్కలు చెప్పడానికి సార్ ఇంటికే వస్తున్నారు. మొదటి క్లాసు ఉచితం, చూడండి. నా పేరు చెప్పి చేరితే మొదటి నెల మీకు 300 తగ్గిస్తారు. మీరు రెండో నెల ఫీజు కట్టాక నాకూ 300 తగ్గిస్తారు.’

తనకొచ్చేది దాచకుండా చెప్పింది గనుక పైరవీ వాసన తగ్గుతుంది. నంబరు ఇవ్వగానే డబ్బులంటే బంధువుల నంబర్లన్నీ ఇచ్చేస్తారు, మీకు జరిగింది అదే అనుకుంటాను. నెలకు మీకు మిగిలేది 600. ఇద్దరికీ ఇచ్చేదీ 600. పిల్లవాడు రెండో నెల ఉంటేనే మీకు గిట్టుబాటు, అందుకే తల్లి వాటా అప్పటిదాకా ఆపమన్నాను. పాతవాళ్లందరికీ ఒకేసారి పంపకండి. పరీక్షలో మార్కులు పెరిగిన పిల్లల ఇళ్లకు, ఆ వారంలోనే పంపండి. చేరేవాళ్లు ఫోన్ చేసినప్పుడు ‘ఎవరు చెప్పారు?’ అని అడిగి రాసుకుంటే చాలు, కోడ్‌లు అక్కర్లేదు.

‘పొందండి’ మాత్రం తీసేయండి. శాపం, మోక్షం, సబ్బు మీద తగ్గింపు అన్నీ పొందడమేనా?

ఇక సిఫారసు, సిఫార్సు రెండూ వాడుకలో ఉన్నాయి. నేను మొదటిదే రాస్తాను. రెండోది రాస్తే దిద్దను.