సెటాఫ్ క్లాజు మీద సంతకం పెట్టేముందు

ప్రశ్న: లాయరు గారూ, నమస్కారం. మాది గాజువాక. సొంత ప్లాంటు లేదు, జాబ్‌వర్క్ మీద ప్రాసెసింగ్ చేయించి నెలకో కంటైనరు వనామీ రొయ్యలు అమెరికా పంపబోతున్నాం. బయ్యరు పంపిన కాంట్రాక్టులో 20% అడ్వాన్సు, సరుకు అంగీకరించిన 60 రోజులకు 70%, అంగీకరించిన 180 రోజులకు మిగతా 10% రిటెన్షన్ అని ఉంది. ఏ ఆర్డరు మీద క్లెయిమ్ వచ్చినా ఏ బిల్లులోనైనా పట్టుకోవచ్చని సెటాఫ్ క్లాజు కూడా పెట్టారు. కంటైనరు విలువ కోటి రూపాయలు. వడ్డీ తీయకముందు మాకు 6 లక్షలు మిగులుతుంది. సంతకం పెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడున్న రూపంలో పెట్టకండి. అడ్వాన్సు గురించి నాకు పెద్ద పేచీ లేదు, 20% బాగానే ఉంది. భయమంతా "అంగీకరించిన" అన్న ఒక్క మాట గురించీ, ఆ సెటాఫ్ క్లాజు గురించీ.

ముందు రోజుల లెక్క చూద్దాం. మీరు 60 రోజుల క్రెడిట్ ఇస్తున్నానని అనుకుంటున్నారు. సరుకు ఓడ ఎక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే బీఎల్, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, విశాఖలో చేతికొచ్చిన రోజును సున్నా అనుకోండి. కంటైనరు అవతలి రేవు చేరడానికి సుమారు 45 రోజులు వేసుకుందాం. క్లియరెన్సు అయి, గోడౌనులో పెట్టెలు విప్పి, శాంపిళ్లు చూసి "సరే" అనడానికి ఇంకో 15 రోజులు. మీ 60 రోజులు అక్కడ మొదలవుతాయి. అంటే 70 లక్షలు వచ్చేది 120వ రోజున. నెలకో కంటైనరు పంపితే ఏ రోజు చూసినా నాలుగు కంటైనర్ల బాకీ, 2 కోట్ల 80 లక్షలు, బయట ఉంటుంది. అదే 60 రోజులను బీఎల్ తేదీ నుంచి లెక్కిస్తే బయట ఉండేది కోటి 40 లక్షలు. ధర మారలేదు, రోజుల సంఖ్య మారలేదు, మొదలయ్యే తేదీ ఒక్కటే మారింది.

రిటెన్షన్ సంగతి ఇంకా గట్టిది. 180 రోజులు కూడా అంగీకారం నుంచే కాబట్టి ఆ 10 లక్షలు 240వ రోజుకు గానీ రావు. నెలకో 10 లక్షలు చొప్పున ఎనిమిది నెలలకు 80 లక్షలు అక్కడే పేరుకుంటాయి. మీరు ఏడాదికి మిగుల్చుకునేది 72 లక్షలు. ఏడాది లాభం కన్నా ఎక్కువ మొత్తం ఎప్పుడూ బయ్యరు దగ్గరే ఉంటుందన్నమాట. వడ్డీ 10% అనుకుంటే 70 లక్షల మీద నాలుగు నెలలకు 2 లక్షల 33 వేలు, 10 లక్షల మీద ఎనిమిది నెలలకు 67 వేలు. కంటైనరుకు 3 లక్షలు, మీ 6 లక్షల్లో సగం, వడ్డీకే పోతుంది. డాలర్లలో ఎగుమతి రుణం తీసుకుంటే కొంత తగ్గొచ్చు. కానీ రిటెన్షన్ భాగం మీద బ్యాంకులు మామూలుగా బిల్లు డిస్కౌంట్ చేసి ముందే డబ్బు ఇవ్వవు, అది మీ సొంత డబ్బే అవుతుంది.

ఇటు రైతుకు వారంలో డబ్బు కావాలి. మీకు ప్రాసెసింగ్ చేసే ప్లాంటు, చిన్న పరిశ్రమల ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే వాళ్లకు 45 రోజులు దాటనివ్వకుండా కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఈ రూలు పెట్టిన ఎంఎస్ఎంఈ చట్టం విదేశీ బయ్యరు మీద మీకు పనికిరాదు, మీ మీద మాత్రం పనిచేస్తుంది.

ఇప్పుడు సెటాఫ్. భీమిలి వైపు ఒక ఎగుమతిదారు కాగితాలు నేను చూశాను. రెండో కంటైనరులో గ్లేజింగ్, అంటే రొయ్యల మీది మంచు పూత, ఎక్కువ, నికర తూకం తక్కువ అని బయ్యరు 9 లక్షలు క్లెయిమ్ వేశాడు. మంచు కరిగించి తూచేటప్పుడు స్వతంత్ర సర్వేయరు ఎవరూ లేరు, ఉన్నవి ఫొటోలు. ఆ 9 లక్షలను ఏ ఫిర్యాదూ లేని నాలుగో కంటైనరు బిల్లులో పట్టుకున్నాడు. ఆ బిల్లు మీద బ్యాంకు అప్పటికే 70 లక్షలు ఇచ్చేసింది. 61 లక్షలే రావడంతో తరుగు మొత్తాన్ని ఈయన కరెంటు ఖాతాలోంచి లాగేసింది. అది తర్వాతి కంటైనరుకు చెరువు రైతులకివ్వాల్సిన డబ్బు.

అక్కడితో ఆగలేదు. ప్రతి షిప్పింగ్ బిల్లుకూ ఎంత రావాలో, ఎంత వచ్చిందో రిజర్వు బ్యాంకు ఎగుమతి లెక్కల వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో విడిగా నమోదవుతుంది. నాలుగో బిల్లు పూర్తి కాకుండా అక్కడే ఉండిపోయింది. "ఈ సరుకు మీద ఫిర్యాదే లేదు కదా, ఎందుకు తగ్గింది?" అని బ్యాంకు అడిగితే చూపడానికి కాగితం లేదు. తగ్గింపునకు బ్యాంకు ఒప్పుకున్నా, ఎగుమతి మీద ప్రభుత్వం వెనక్కిచ్చిన సుంకం, అంటే డ్రాబ్యాక్, ఆ మేరకు తిరిగి కట్టాలి. ఎగుమతి సొమ్ము రాబట్టే గడువును రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో 9 నెలల నుంచి 15 నెలలకు పెంచింది కాబట్టి మీ 240వ రోజు ఇప్పుడు సమస్య కాదు. తగాదాలో పడిన సొమ్ముకు మాత్రం 15 నెలలు కూడా చాలకపోవచ్చు.

మన చట్టం ఏమంటుందో కూడా చెబుతాను. నష్టపరిహారం అడిగినంత మాత్రాన అది బాకీ అయిపోదు, కోర్టో ఆర్బిట్రేటరో తేల్చాకే అవుతుందని 1974లో రామన్ ఐరన్ ఫౌండ్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 1983లో కమాలుద్దీన్ అన్సారీ కేసులో, క్లెయిమ్ తేలేదాకా సొమ్ము ఆపుకోవచ్చని కాంట్రాక్టులోనే స్పష్టంగా రాసుకుంటే ఆపుకోవచ్చని తీర్పిచ్చింది. అంటే మామూలుగా మీకుండే రక్షణను మీ సంతకమే తీసేస్తుంది. పైగా మీ కాంట్రాక్టుకు అమెరికా చట్టం వర్తిస్తుందని రాసి ఉంటే ఈ తీర్పులు నేరుగా అక్కరకు రావు. ఆ క్లాజు కూడా ఒకసారి చూసుకోండి. బిల్లులను ఫ్యాక్టరింగ్ కంపెనీకి అమ్ముకుందామన్నా ఇదే అడ్డు. బాకీని కొన్నవాడికి దాని మీదున్న సెటాఫ్ హక్కు కూడా అంటుకునే వస్తుంది, అందుకని వాళ్లు వెనకాడతారు.

బయ్యరుకు మూడు మార్పులు రాసి పంపండి. మొదటిది, 60 రోజులు బీఎల్ తేదీ నుంచి. దీనికి ఒప్పుకోకపోతే, సరుకు రేవు చేరిన 10 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకుంటే అంగీకరించినట్టేనని రాయించండి. ఈ వాక్యం లేకపోతే అంగీకారానికి గడువే ఉండదు, మీ 120వ రోజు 160వ రోజైనా అడగడానికి ఆధారం బలంగా ఉండదు.

రెండోది సెటాఫ్. క్లాజు పూర్తిగా తీసేయమంటే తీయరు, ఇలా మార్చమనండి: "ఒక ఆర్డరు మీద వచ్చిన క్లెయిమ్‌ను ఆ ఆర్డరు సొమ్ములోనే పట్టుకోవాలి. ఇద్దరూ ఒప్పుకున్న సర్వేయరు తేల్చిన మొత్తాన్ని గానీ, అమ్మకందారు రాతపూర్వకంగా ఒప్పుకున్న మొత్తాన్ని గానీ మాత్రమే పట్టుకోవాలి. తగాదా లేని భాగాన్ని గడువుకే చెల్లించాలి." ఇందులో నాకు ముఖ్యం మొదటి వాక్యం. అదుంటే ఒక కంటైనరు గొడవ ఇంకో కంటైనరు బ్యాంకు బిల్లును ముట్టుకోదు.

మూడోది రిటెన్షన్. 5%కి తగ్గించి, బీఎల్ తేదీ నుంచి 120 రోజులకు విడుదల కావాలని అడగండి. బదులుగా బ్యాంకు గ్యారంటీ ఇవ్వమంటే తొందరపడకండి. దానికి బ్యాంకు మార్జిన్ సొమ్ము పట్టుకుంటుంది, కమీషన్ తీసుకుంటుంది, బయ్యరు అడిగిన వెంటనే చెల్లించేస్తుంది. 10 లక్షల కోసం అమెరికాలో దావా వేసే ఖర్చు మీరు భరించలేరు. అందుకని రిటెన్షన్‌ను ధరలో తగ్గింపుగానే లెక్కవేసుకుని, అది రాకపోయినా కంటైనరు గిట్టే ధర చెప్పండి.

మూడింటికీ ఒప్పుకోనంటే రిటెన్షన్ దగ్గర మెత్తబడండి, సెటాఫ్ దగ్గర మాత్రం వద్దు. అదీ కుదరకపోతే మొదటి కంటైనరు ఒక్కదానికే విడిగా కాంట్రాక్టు రాసుకుని పంపండి. దాని 70% వచ్చాకే రెండోదానికి సంతకం పెట్టండి. అప్పుడు పట్టుకోవడానికి అతని చేతిలో ఇంకో బిల్లు ఉండదు.