రంధ్రాలు వాటంతట అవే ఒక వరుసలోకి రావు

ప్రశ్న: ప్రమాదాన్ని ఆపే ఒక్కో జాగ్రత్తనూ రంధ్రాలున్న చీజ్ ముక్కలాంటి పొరగా చూపే స్విస్ చీజ్ మోడల్‌లో అన్ని పొరల రంధ్రాలూ ఒకే వరుసలోకి వస్తేనే పెద్ద ప్రమాదం అంటారు. అన్నీ ఒకేసారి కలవడం అంత కాకతాళీయమా?

కాదు. జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో సేఫ్టీ పని చూస్తున్నప్పుడు కళ్లారా చూశాను.

రియాక్టర్ లోపల గోడలకు పట్టిన గడ్డలు గీకడానికి ఒక కాంట్రాక్ట్ కుర్రాడు దిగాలి. దిగేముందు నైట్రోజన్ లైన్‌కు, పైపును పూర్తిగా మూసేసే బ్లైండ్ ప్లేట్ బిగించాలి. ఆ రోజు వాల్వ్ మూసి సరిపెట్టారు. అది లీకవుతోందని మెయింటెనెన్స్ వాళ్లకు ముందే తెలుసు. పొద్దున ఆక్సిజన్ కొలిస్తే మామూలు గాలిలో ఉన్నట్టే 20.9 శాతం ఉంది. కుర్రాడు దిగింది భోజనాల తర్వాత, కానీ మళ్లీ ఎవరూ కొలవలేదు. మ్యాన్‌హోల్ దగ్గర కాపలా ఉన్న మనిషిని డ్రమ్ములు దింపడానికి పిలిచారు.

లీకైన నైట్రోజన్ లోపలి ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది, దానికి వాసన ఉండదు. ఊపిరాడట్లేదని కూడా అనిపించదు, ఎందుకంటే ఆ బాధ ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వస్తుంది. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే లోపలికి దిగకూడదు. బాగా పడిపోతే మనిషికి అనుమానం వచ్చేలోపే స్పృహ పోతుంది.

అటుగా వెళ్తున్న ఫిట్టర్ తొంగి చూసి కేక వేశాడు. ఒంటికి హార్నెస్, దానికి తాడు ఉన్నాయి కాబట్టి బయటి నుంచే లాగారు. కుర్రాడు బతికాడు. తాడు లేకపోతే ఎవరో ఒకరు లోపలికి దూకేవారు. ఇలాంటి చోట కాపాడబోయినవాళ్లూ చనిపోతుంటారు.

విచారణలో "కాపలా మనిషి నిర్లక్ష్యం" అని తేల్చారు. నాకు ఒళ్లు మండింది. అతన్ని పిలిచిందెవరు? ఈ మోడల్ ఇచ్చిన జేమ్స్ రీజన్ చెప్పింది కూడా ఇదే కదా: చివర్లో మనిషి చేసే తప్పు వేరు, వ్యవస్థలో ముందే దాగి ఉన్న లోపం వేరు. మన దగ్గర మొదటిదాన్ని పట్టుకుని ఫైలు మూసేస్తారు. సేఫ్టీ వారం ఫ్లెక్సీలకు దొరికే డబ్బు వాల్వ్ మార్చడానికి దొరకదు.

ఆ మోడల్ బొమ్మలో రంధ్రాలు దేనికది విడిగా కనిపిస్తాయి. నిజంలో అలా ఉండదు. ఆ రోజు బ్యాచ్ ఆలస్యమైంది. ప్లేట్ మానేసినా, రెండోసారి కొలవకపోయినా, కాపలా మనిషిని లాగేసినా కారణం ఆ తొందరే. 1984లో భోపాల్‌లో విషవాయువు లీకైనప్పుడు శీతలీకరణ ఆపేసి ఉంది, గ్యాస్‌ను కాల్చేసే ఫ్లేర్ టవర్ పైపు విప్పి ఉంది, గ్యాస్‌ను కడిగి విషం తీసే స్క్రబ్బర్ దాన్ని ఆపలేకపోయింది. అక్కడ కూడా ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడే చాలా పొరల్ని పల్చన చేసిందని నా గట్టి నమ్మకం.

లోపలికి దిగడానికి ఇచ్చే పర్మిట్ కాగితాలు చూస్తే ఇది ముందే తెలుస్తుంది. కొలిచిన టైమ్‌కీ దిగిన టైమ్‌కీ మధ్య గంటల తేడా, రోజూ అదే 20.9, సంతకాలన్నీ ఒకే నిమిషంలో. అలాంటి పర్మిట్ కనిపిస్తే పని ఆపించి, మీటర్ తీసుకుని స్వయంగా మ్యాన్‌హోల్ దగ్గరికి వెళ్తాను.